రేపటి అరువు ఇవాళే వచ్చేసింది

కిరాణా కొట్లలో గల్లాపెట్టె పైన వేలాడే 'నేడు నగదు - రేపు అరువు' బోర్డులను సగౌరవంగా మ్యూజియానికి తరలించాలని ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను. ఆ బోర్డు ఎన్ని రోజులు చూసినా రేపు రాలేదు. ఆన్‌లైన్ షాపు చెకౌట్ పేజీలో మాత్రం వచ్చేసింది. అక్కడ అరువు నేడు, నగదు రేపు. అడగడానికి మొహమాటపడాల్సిన పని కూడా లేదు, బటన్ వాళ్లే నొక్కించుకుంటారు.

ఈ మహత్తర ఏర్పాటులో నాకు నచ్చినదేమిటంటే, ఒకే కొనుగోలు ఎవరి రికార్డులో చూస్తే వారికి ఒక రకంగా కనిపించడం. విజయవాడలో ఒక పెద్దమనిషి 18,000 రూపాయల ఫోన్‌ను ఆరు వాయిదాల్లో కొన్నాడనుకుందాం. నెలకు 3,000. పేజీలో ఆకుపచ్చ అక్షరాలతో 'వడ్డీ లేదు' అని ఉంది. ఆరు మూళ్లు పద్దెనిమిది, లెక్క కుదిరింది, మనిషి మురిసిపోయాడు.

వెనకాల జరిగింది వేరు. అప్పు ఇచ్చిన ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, ఏడాదికి 15 శాతం వడ్డీ వేసుకుంది. నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు వచ్చే డబ్బుకు ఆ వడ్డీ మీద ఇవాళ్టి విలువ 17,238 రూపాయలు. అప్పు పత్రంలో అసలు అదే. తక్కిన 762 వడ్డీ. ఆ 762ను షాపువాడో, ఫోన్ కంపెనీవాడో డిస్కౌంట్ రూపంలో భరిస్తాడు. అంటే వడ్డీ ఉంది, కట్టేది మీరు, మీకు తగ్గించి ఇచ్చింది ఇంకొకరు. నగదు ఇచ్చి కొనేవాడికి ఆ 762 తగ్గింపు ఎందుకు రాలేదని అడగడం అమర్యాద కాబట్టి ఎవరూ అడగరు. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. ఆకుపచ్చ అక్షరాలు ఇంకా ఆ ఉత్తరం చదివినట్టు లేదు.

దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు. 199 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 235 అనుకుందాం. చిన్న మొత్తమే. కానీ ఈ ఫీజును కూడా కలిపి ఏడాది రేటు కట్టి చూపించాలన్నది డిజిటల్ అప్పుల నిబంధన. అలా కడితే దాదాపు 20 శాతం వస్తుంది. కనుక పెద్దమనిషి ఫోన్‌లో ఒక తెర మీద సున్నా, రెండు తెరలు దాటాక, అప్పు షరతులన్నీ చెప్పే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో 20. రెండింటికీ కింద 'అంగీకరిస్తున్నాను' అనే బటన్ ఒకటే. ఆయన రెండింటికీ అంగీకరించాడు. ఇంత విశాల హృదయం ప్రజాస్వామ్యానికి అవసరం.

ఇప్పుడు షాపువాడి వైపు చూద్దాం. ఆయన లెక్కల్లో వాయిదా అన్న మాటే ఉండదు. ఆయనకు ఇది మొత్తం డబ్బు ఒకేసారి వచ్చిన అమ్మకం. 18,000లో 762 ముందే పోయింది. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసి పెట్టే పేమెంట్ గేట్‌వే ఫీజు 2 శాతం అనుకుంటే 360, దాని మీద జీఎస్టీ 65. ఒకటి రెండు రోజుల్లో చేతికొచ్చేది సుమారు 16,813. అదీ విడిగా రాదు. ఆ రోజు ఆర్డర్లన్నీ కలిపి, రిటర్నులు తీసేసి, ఒకే మొత్తంగా ఖాతాలో పడుతుంది. ఏ ఫోన్‌కు ఎంత ఫీజు పోయిందో సెటిల్‌మెంట్ రిపోర్టు తెరిచి వరుస వరుసా చూస్తేనే తెలుస్తుంది. యూపీఐలో కడితే సాధారణంగా ఈ కోత ఉండదు. మరి షాపువాడు ఇది ఎందుకు ఒప్పుకుంటాడంటే, 18,000 ఒకేసారి తీయలేనివాడు 3,000 తీయగలడు కాబట్టి. ఆ వెయ్యి చిల్లర ప్రకటన ఖర్చు అనుకుంటాడు. కొన్నాళ్లకు దాన్ని ఫోన్ ధరలోనే కలిపేస్తాడు. అప్పుడు నగదు ఇచ్చి కొనే అమాయకుడు కూడా పక్కవాడి వాయిదాకు చందా ఇచ్చినవాడవుతాడు.

పెద్దమనిషి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో షాపు పేరు కనిపించదు. నెలనెలా ఐదో తారీఖున ఎప్పుడూ వినని ఒక ఫైనాన్స్ కంపెనీ పేరుతో, ముందు `ACH D` అని, అంటే మీరు ముందే ఇచ్చిన అనుమతితో ఖాతాలోంచి తనంతట తానే, 3,000 పోతుంది. ఇలాంటివి నాలుగుంటే ఏది ఫోను, ఏది మిక్సీ, ఏది పండక్కి కొన్న చీర అన్నది ఇంట్లో గొడవయ్యాకే తేలుతుంది.

మూడో నెల ఐదో తారీఖున ఖాతాలో 2,840 మాత్రమే ఉన్నాయి. లోటు 160. మన కిరాణా కొట్టాయన అయితే పుస్తకంలో 160 అని రాసుకుని ఊరుకునేవాడు. యంత్రానికి అలాంటి దురలవాట్లు లేవు. 3,000 అడిగింది, లేవంది, వెనక్కి పోయింది. బ్యాంకు బౌన్స్ చార్జీ 500, జీఎస్టీతో 590 అనుకుందాం. అది ఉన్న 2,840లోంచే తీసుకుంటారు. మిగిలింది 2,250. వారం తర్వాత ఎన్‌బీఎఫ్‌సీ మళ్లీ అడిగితే అప్పటికి లోటు 750. ఇంకో 590. అప్పిచ్చినవాడి బౌన్స్ చార్జీ వేరే. ఖాతాలో డబ్బు తక్కువైందని తెలిసినవాడి ఖాతాలోంచి ఇంకాస్త తీయడం గొప్ప ఆర్థిక సిద్ధాంతం. దీనికి ఇంకా బహుమతి రాకపోవడం అన్యాయం.

ఇదంతా స్టేట్‌మెంట్‌లో `RTN CHG` లాంటి చిన్న వరసలుగా మిగులుతుంది. ఇల్లు కొనడానికి లోన్ అడిగితే ఆఫీసరు ముందు వెతికేది జీతం కాదు, ఈ వరసలే. అదే వాయిదా యూపీఐ ఆటోపేలో పెట్టుకున్నవాడికి డబ్బు చాలకపోతే, ఆ ప్రయత్నం చాలాసార్లు స్టేట్‌మెంట్‌కు ఎక్కనే ఎక్కదు. డబ్బు కదిలితేనే కదా వరస రాసేది. ఇద్దరూ ఒకే తప్పు చేశారు, ఒకరి స్టేట్‌మెంట్ మచ్చ లేని ముత్యం. అందుకే స్టేట్‌మెంట్ చూసి మనిషి నిజాయతీ చెప్పేస్తాననేవాడిని కాస్త దూరంగా పెట్టండి.

మనిషి అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టులో మాత్రం ఈ వివక్ష లేదు. మూడు వేల వాయిదా అయినా అది అప్పే, రిపోర్టు చేయాల్సిందే. చాలా సంస్థల్లో కొన్న ప్రతిసారీ కొత్త లోన్ ఖాతా తెరుచుకుంటుంది. పండగ నెలలో ఐదు వస్తువులు కొన్నవాడు బ్యాంకు కంటికి నెలలో ఐదు అప్పులు చేసినవాడు. ఒక్కో అప్పు కింద నెలకో గడి, అందులో ఎన్ని రోజులు ఆలస్యమైందో మూడంకెల్లో. సమయానికి కడితే `000`. 2025 జనవరిలో ఈ వివరాలు రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలకు కనీసం పదిహేను రోజులకోసారి వెళ్లే పద్ధతి వచ్చింది. అంతకుముందు నెలకోసారి. ఆ పద్ధతిలో ఐదో తారీఖు వాయిదా 14న కడితే 15 నాటి లెక్కలో బాకీ ఉండదు. 17న కడితే ఆ లెక్కలో 10 రోజుల ఆలస్యం అని వెళ్లిపోతుంది. పెద్దమనిషి 17న కట్టాడు. జీతం లేటైందన్న సంగతి రాయడానికి అక్కడ గడి లేదు.

ఇక ఫోన్ నచ్చక వెనక్కిచ్చేద్దామనుకుంటే, షాపువాడు డబ్బు తిప్పి పంపేది మీకు కాదు, అప్పిచ్చినవాడికి. అది చేరేలోపు ఐదో తారీఖు వస్తే ఇంట్లో లేని ఫోన్‌కు వాయిదా పోతుంది. ఆపేస్తే బౌన్స్. ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా తిరిగి రాదు, అది జ్ఞాపకార్థం.

మన పెద్దమనిషి చివరికి ఆరూ కట్టేశాడు, ఖాతా 'క్లోజ్డ్' అని పడింది. ఫోన్ వారంటీ ఏడాది. మూడో నెల గడి మూడేళ్లపాటు అలాగే కనిపిస్తుంది. దాని మీద సర్వీస్ సెంటర్ లేదు.