బగ్ లేని కోడ్‌కూ రివ్యూ ఎందుకు?

డెవలపర్ మీటప్‌లలో లైట్నింగ్ టాక్‌కు ఇచ్చేది ఐదు నిమిషాలు. మైక్ అందుకుని, స్లైడ్ తెర మీదికి వచ్చేసరికే అందులో కొంత పోతుంది. కోడ్ రివ్యూ గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది మిగిలిన సమయాన్ని రివ్యూలో దొరికిన బగ్గుల చిట్టా చదవడానికే వాడేస్తారు. ఇక్కడ నల్ చెక్ మర్చిపోయారు, అక్కడ లూప్ ఒకసారి ఎక్కువ తిరిగింది, మేం పట్టేశాం అంటూ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హాల్లో కూర్చున్న టీమ్ లీడ్‌కు వెంటనే ఒక సందేహం వస్తుంది: ఇవన్నీ టెస్టులు రాస్తే దొరికేవే కదా, ఇంకో మనిషి టైమ్ ఎందుకు ఖర్చు పెట్టాలి? న్యాయమైన సందేహమే. దానికి జవాబు చెప్పాలంటే బగ్ లేని కోడ్‌ను తెర మీద పెట్టాలి. ఐదు నిమిషాలకు అలాంటి డిఫ్ ఒక్కటి చాలని నా అభిప్రాయం.

బస్ టికెట్లు అమ్మే యాప్ ఒకటి ఉందనుకుందాం. ప్రయాణికుడు సీటు ఎంచుకున్నాక 15 నిమిషాల్లో డబ్బు కట్టకపోతే ఆ సీటు తిరిగి అమ్మకానికి రావాలి. టాస్క్‌లో రాసి ఉన్నది అంతే. టీమ్‌లో కొత్తగా చేరిన డెవలపర్ జాంగోలో ఇలా రాశారు:

```python
def release_seats(now):
    cutoff = now - timedelta(minutes=15)
    Booking.objects.filter(
        status="PENDING", created_at__lt=cutoff
    ).delete()
```

ఇందులో తప్పు వెతికితే దొరకదు. అడిగింది అడిగినట్టే చేస్తుంది. 14 నిమిషాల నాటి బుకింగ్ అలాగే ఉంటుంది, 16 నిమిషాల నాటిది పోతుంది, డబ్బు కట్టిన బుకింగ్ జోలికి వెళ్లదు. ఈ మూడింటికీ టెస్టులు ఉన్నాయి, మూడూ పాసయ్యాయి. బగ్గుల కోసం మాత్రమే చూసే రివ్యూయర్ ఇక్కడ `LGTM` అని రాసి అప్రూవ్ చేసేస్తారు.

పేమెంట్ల వైపు పనిచేసిన అనుభవం ఉన్న రివ్యూయర్ అయితే ముందు ఒక ప్రశ్న అడుగుతారు: "డబ్బు 16వ నిమిషంలో వస్తే ఏం చేస్తాం?" యూపీఐ వాడేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, యాప్‌లో మాత్రం పెండింగ్ అనే ఉంటుంది. పేమెంట్ గేట్‌వే నుంచి విజయవంతమైందన్న కబురు కాస్త ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేసరికి ఈ కోడ్ ఆ బుకింగ్‌ను డేటాబేస్ నుంచే తుడిచేసి ఉంటుంది. వచ్చిన డబ్బు ఏ బుకింగ్‌దో తేల్చడానికి మన దగ్గర ఆ రికార్డే ఉండదు. ప్రయాణికుడు ఫోన్ చేసి బుకింగ్ నంబర్ చెబితే, కస్టమర్ కేర్‌లో ఉన్నవాళ్లకు ఆ నంబరే కనిపించదు. "డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు" అని మొత్తుకునే మనిషికి వాళ్లు చెప్పగలిగేది ఏమీ ఉండదు.

ఇది బగ్గే కదా అని ఎవరైనా వాదించవచ్చు. నేను ఒప్పుకోను. టాస్క్ రాసినవాళ్లకు ఆ ఆలోచనే రాలేదు, కాబట్టి కోడ్ రాసినవారికీ రాలేదు, టెస్టులోనూ లేదు. టెస్ట్ అనేది మనకు తట్టిన పరిస్థితిని మాత్రమే పరీక్షిస్తుంది. ఎవరికీ తట్టని పరిస్థితి బయటికి రావాలంటే ఇంకో పనిలో, ఇంకో టీమ్‌లో దెబ్బతిన్న మనిషి ఆ కోడ్ చదవాలి. ఇక్కడ రివ్యూ పట్టుకున్నది ఎవరూ తీసుకోని ఒక నిర్ణయాన్ని.

సరే, తుడిచేయకుండా స్థితి మారుద్దాం, `EXPIRED` అని పెడదాం అని రివ్యూయర్ సూచించారు. టాక్‌లో అందరూ శ్రద్ధగా వినాల్సింది ఇక్కడి నుంచే. కోడ్ రాసిన జూనియర్ దానికి జవాబుగా ఇంకో విషయం ఎత్తారు: ఖాళీ సీట్లు లెక్కపెట్టే క్వెరీ ఆ సీటు మీద బుకింగ్ రికార్డు ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, స్థితి చూడదు. రివ్యూయర్ చెప్పినట్టు ఈ ఒక్క మార్పే చేస్తే గడువు దాటిన సీటు ఎప్పటికీ అమ్మకానికి రాదు! బస్సు ఖాళీగా వెళ్తుంటే యాప్‌లో మాత్రం సీట్లు నిండినట్టు కనిపిస్తుంది. అంటే రివ్యూయర్ సూచనను యథాతథంగా పెట్టి ఉంటే మొదటిసారి అసలైన బగ్ వచ్చేది. రివ్యూయర్‌కు పేమెంట్ల సంగతి తెలుసు, జూనియర్‌కు సీట్ల క్వెరీ తెలుసు. ఇద్దరిలో ఏ ఒక్కరికీ మొత్తం తెలియదు. ఆ కామెంట్ల కింద నాలుగు మాటలు నడిచాకే మొత్తం బొమ్మ ఇద్దరికీ కనిపించింది. చివరికి కోడ్ ఇలా తేలింది:

```python
def expire_unpaid_bookings(now):
    # payment can arrive late; keep the row for refund
    cutoff = now - timedelta(minutes=PAYMENT_WINDOW_MIN)
    Booking.objects.filter(
        status="PENDING", created_at__lt=cutoff
    ).update(status="EXPIRED")
```

దీంతోపాటు సీట్ల క్వెరీ `PENDING`, `CONFIRMED` బుకింగ్‌లనే లెక్కలోకి తీసుకునేలా మారింది, దానికో టెస్ట్ చేరింది. గడువు దాటాక వచ్చిన డబ్బును వెనక్కి పంపే పని వేరే టాస్క్‌గా నమోదైంది. ఫంక్షన్ పేరు మారడం, 15 అనే అంకె పోయి `PAYMENT_WINDOW_MIN` రావడం చూడటానికి చిన్నవే. కానీ పేమెంట్ లింక్ తయారుచేసే ఫైల్‌లోనూ అదే 15 విడిగా రాసి ఉంది. మొదటి కోడ్‌ను అలాగే వదిలేసి ఉంటే, రేపెప్పుడో లింక్ గడువును 20 నిమిషాలకు పెంచినవారికి ఈ రెండో 15 ఉందని తెలియకపోతే, లింక్ ఇంకా పనిచేస్తుండగానే సీటు ఇంకొకరికి అమ్ముడుపోతుంది. ఇవాళ ఏ టెస్టూ దీన్ని తప్పు అనదు. తప్పు అయ్యేది రేపు.

ఇది నేను ఎంచుకున్న ఉదాహరణ కాబట్టి అలా కుదిరిందని అనుకోవచ్చు. అందుకే టాక్‌లో ఒక అర నిమిషం పరిశోధనకు ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్‌లో రివ్యూలు ఎలా జరుగుతున్నాయో ఆల్బెర్టో బాకెల్లి, క్రిస్టియన్ బర్డ్ అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. రివ్యూ దేనికని అడిగితే డెవలపర్లూ మేనేజర్లూ ముందు చెప్పింది లోపాలు పట్టడానికే అని. తీరా 570 రివ్యూ కామెంట్లను తీసి వర్గాలుగా విడదీస్తే, లోపాల గురించినవి నూటికి 14 మాత్రమే. కోడ్‌ను మెరుగుపరచమనేవి దానికి రెట్టింపు, నూటికి 29. దొరికిన లోపాలు కూడా ఎక్కువగా చిన్నచిన్న లాజిక్ పొరపాట్లే. అంతకుముందు 2009లో ఫిన్‌లాండ్ పరిశోధకులు మాంటిలా, లాసెనియస్ రివ్యూలో బయటపడ్డ సమస్యలను లెక్కేస్తే, నాలుగింట మూడు వంతులు ప్రోగ్రామ్ పనితీరుకు సంబంధం లేనివే అని తేలింది. అవన్నీ కోడ్‌ను తర్వాత చదవడాన్ని, మార్చడాన్ని కష్టం చేసేవి. పైన చెప్పిన రెండో 15 ఆ కోవలోదే.

గూగుల్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ రివ్యూను మొదట తెచ్చిందే ఇంకో డెవలపర్‌కు అర్థమయ్యేలా కోడ్ రాయించడానికి అని 2018లో ఆ సంస్థవాళ్లే రాసిన పరిశోధన పత్రంలో ఉంది. ఐబీఎంలో మైఖేల్ ఫేగన్ 1976లో వర్ణించిన పద్ధతి వేరు. మనుషులను ఒకచోట కూర్చోబెట్టి, పాత్రలు పంచి, లోపాలు వెతికి లెక్క రాసుకునే తనిఖీ అది. మన ఆఫీసుల్లో వాడే పనిముట్లు గూగుల్ తరహావి, మనసులో ఉన్నది మాత్రం ఇంకా ఆ పాత తనిఖీయే. అందుకే కొన్నిచోట్ల రివ్యూయర్‌కు ఎన్ని బగ్గులు దొరికాయో లెక్కపెట్టి నెలాఖరు రిపోర్టులో పెడతారు. ఆ లెక్క మొదలైందంటే "డబ్బు ఆలస్యంగా వస్తే?" లాంటి ప్రశ్నకు విలువ పోతుంది, ఎందుకంటే అది ఏ గడిలోనూ పట్టదు. కామాలు, ఖాళీల గురించి కామెంట్లు పెరుగుతాయి. అవి ఫార్మాటర్, లింటర్ చేయాల్సిన పనులు, మనిషివి కావు.

రివ్యూ బగ్గులను ఆపేస్తుందన్న భరోసా ఇవ్వడం కూడా మంచిది కాదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపానికి కారణమైన మార్పును ఆ ప్రాజెక్టు ప్రధాన డెవలపర్ ఒకరు చూశాకే 2011 డిసెంబర్ 31న చేర్చారు. అవతలివాళ్లు చెప్పిన పొడవును నిజంగా వచ్చిన డేటా పొడవుతో పోల్చి చూడలేదు, అంతే. అది 2014 ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. అలాంటి పొరపాటుకు ఫజింగ్, మెమరీ తనిఖీ పనిముట్లు కావాలి. కళ్లను నమ్ముకుంటే చాలదు.

మరి మన రివ్యూ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నేనైతే రెండే చూస్తాను. మొదటిది మార్పు సైజు. గూగుల్ పత్రం ప్రకారం అక్కడ మధ్యస్థ మార్పు 24 లైన్లు, రివ్యూ మొత్తం ముగిసే మధ్యస్థ సమయం నాలుగు గంటల లోపు. శుక్రవారం సాయంత్రం రిలీజ్ టెన్షన్‌లో 1,500 లైన్ల పుల్ రిక్వెస్ట్ వస్తే, రివ్యూయర్‌కు అందులో పేర్లు, ఖాళీలు కనిపిస్తాయి తప్ప 16వ నిమిషం కనిపించదు. పెద్ద మార్పుకు తక్కువ కామెంట్లు, చిన్న మార్పుకు ఎక్కువ కామెంట్లు వస్తుంటే చదవడం మానేశారని అర్థం.

రెండోది, ప్రశ్నలు ఏ వైపు నడుస్తున్నాయన్నది. హైదరాబాద్ టీమ్‌లలో ఇది మరీ గమనించాల్సిన విషయం. మన దగ్గర సీనియర్‌ను "అన్నా" అనో "సర్" అనో పిలుస్తాం, ఆయన కోడ్ జూనియర్‌కు రివ్యూకు వెళ్తే అప్రూవ్ బటన్ నొక్కడం మర్యాద అనుకుంటాం. పైన చెప్పిన ఉదాహరణలో జూనియర్ అలా మర్యాదకు తలూపి ఉంటే సీట్లన్నీ బిగుసుకుపోయేవి. ఆన్‌సైట్ లీడ్ అమెరికాలో ఉంటే ఇంకో చిక్కు: ఒక ప్రశ్నకు జవాబు రావడానికి ఒక రాత్రి పడుతుంది, అందుకని అడగడమే మానేస్తారు. అలాంటప్పుడు రోజూ ఇద్దరూ మేలుకుని ఉండే ఒక అరగంటను రివ్యూలకే కేటాయించడం తేలికైన మార్గం. సీనియర్లు తమ పుల్ రిక్వెస్ట్ వివరణలోనే "క్వెరీ భాగం నాకు అంత తెలియదు, అక్కడ చూడండి" అని ఒక వాక్యం రాస్తే జూనియర్‌కు నోరు తెరవడానికి అనుమతి దొరికినట్టే.

టాక్ చివరి నిమిషాన్ని నేను రెండో కోడ్‌లోని ఆ కామెంట్ లైన్‌కు కేటాయిస్తాను. రివ్యూలో నడిచిన సంభాషణ అంతా పుల్ రిక్వెస్ట్ కింద ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత "పాత బుకింగ్‌లు ఇన్ని ఎందుకు పేరుకుపోయాయి, డిలీట్ చేసేద్దాం" అని వచ్చే డెవలపర్ ఆ పేజీ తెరవరు, వాళ్లు తెరిచేది ఈ ఫైల్‌ను. కాబట్టి రివ్యూయర్ "ఎందుకు?" అని అడిగితే కామెంట్ బాక్స్‌లో జవాబు రాసి ఊరుకోకూడదు. ఆ జవాబు కోడ్‌లోనో, టెస్ట్ పేరులోనో, కనీసం కమిట్ మెసేజ్‌లోనో చేరాకే మెర్జ్ బటన్ నొక్కాలి.