గ్రూపుల బెడదకు నంబరు మార్చుకోనక్కర్లేదు

"వాట్సాప్‌లో మన నంబరు తెలిస్తే చాలు, ఎవరైనా మనల్ని గ్రూపులో చేర్చేస్తారు, ఆపడం మన చేతిలో లేదు. బయటికి వస్తే గ్రూపులో అందరికీ కనబడుతుంది. మ్యూట్ చేసినా అడ్మిన్‌కు తెలిసిపోతుంది. నంబరు మార్చుకోవడం ఒక్కటే దారి. మీవాళ్లందరికీ పంపండి."

కర్నూలులో మా కాలనీ గ్రూపులోనూ, బంధువుల గ్రూపులోనూ ఈ సందేశం తిరుగుతోంది. దీన్ని నమ్మి నిజంగానే కొత్త సిమ్ కొనడానికి సిద్ధమైనవారు ఉన్నారు. అందుకే ఒక్కో మాటకు విడిగా జవాబు రాస్తున్నాను.

చేర్చడం సంగతి ముందు. దీనికి తాళం 2019 నుంచే మన ఫోనులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, Settings, అందులో Privacy, అందులో Groups తెరవండి. మూడు ఎంపికలు కనబడతాయి: Everyone, My contacts, My contacts except. మనం ఏదీ మార్చకపోతే మొదటిదే ఉంటుంది, అంటే ఎవరైనా చేర్చవచ్చు. రెండోది పెట్టుకుంటే, మన ఫోనులో మనం పేరు పెట్టి దాచుకున్న నంబర్లవారు మాత్రమే నేరుగా చేర్చగలరు. మన నంబరు ఎదుటివారి దగ్గర ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

అయినా చాలామందికి ఇది పని చేయనట్టు అనిపిస్తుంది. కారణం మా చిన్నాన్న ఫోను చూసినప్పుడు తెలిసింది. ఆయన కోడుమూరు దగ్గర ఉల్లి పండిస్తారు. My contacts పెట్టుకున్న తర్వాత కూడా ఇళ్ల స్థలాల గ్రూపుల్లో పడుతూనే ఉన్నారు. ఎప్పుడో ఒక ప్లాటు ధర అడగడానికి ఒక మధ్యవర్తి నంబరు సేవ్ చేసుకున్నారు. సేవ్ చేశారు కాబట్టి వాట్సాప్ దృష్టిలో ఆ మధ్యవర్తి ఆయనకు తెలిసిన మనిషే. ఇలాంటి వారి కోసమే మూడో ఎంపిక. My contacts except తెరిచి ఆ పేరుకు టిక్కు పెట్టి సరే అనగానే ఆ దారి మూసుకుపోయింది. అందరికీ టిక్కు పెడితే ఎవరూ నేరుగా చేర్చలేరు. కాకపోతే ఆ తర్వాత కొత్తగా సేవ్ చేసిన నంబరు ఆ జాబితాలో ఉండదు, దాన్ని మళ్లీ మనమే చేర్చుకోవాలి.

తాళం వేశాక చేర్చబోయినవారికి మనల్ని ఆహ్వానించే లింకు పంపే వీలు మాత్రం ఉంటుంది. అది మనకు మామూలు సందేశంలా వస్తుంది, మూడు రోజుల్లో ఒప్పుకోకపోతే కాలం చెల్లుతుంది. నచ్చకపోతే వదిలేయవచ్చు, జవాబు కూడా ఇవ్వనక్కర్లేదు. ఒక పరిమితి ఉంది: ఈ సెట్టింగు ఇకమీదట వచ్చే గ్రూపులకే. ఇప్పటికే ఉన్నవాటి నుంచి మనమే బయటికి రావాలి.

బయటికి రావడం గురించిన మాట ఒకప్పుడు నిజం. 2022 ఆగస్టులో వాట్సాప్ ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు మనం వెళ్లిపోయినట్టు సూచన అడ్మిన్లకు మాత్రమే వెళుతుంది, మిగతావారి తెరపై ఆ సూచన రాదు. ఇక్కడ రెండు విషయాలు ఎవరూ చెప్పరు. గ్రూపు వివరాల్లో పాత సభ్యుల జాబితా ఉంటుంది, 60 రోజుల లోపల వెళ్లినవారి పేర్లు అందులో వెతికి చూసినవారికి కనబడతాయి. రెండోది మన బంధువుల గ్రూపులకు బాగా వర్తిస్తుంది. పెళ్లి పనులకని పెట్టిన గ్రూపులో మేనమామను, పెదనాన్నను, ఇద్దరు ముగ్గురు బావలను మర్యాద కోసం అడ్మిన్లను చేసేస్తారు. అలాంటి చోట సూచన వెళ్లేది సరిగ్గా మనం నొప్పించకూడదనుకున్న పెద్దలకే. కాబట్టి బయటికి వచ్చే ముందు సభ్యుల జాబితా తెరిచి, ఎవరి పేరు పక్కన అడ్మిన్ అని ఉందో చూసుకోండి. వారిలో మొహమాటపడాల్సినవారు ఉంటే, ముందుగా ఫోను చేసి ఒక మాట చెప్పడమో, గ్రూపులో ఉంటూనే మ్యూట్ చేయడమో మంచిది.

మ్యూట్ చేసిన సంగతి అడ్మిన్‌తో సహా ఎవరికీ తెలియదు. ఈ అపోహ ఎక్కడ పుట్టిందో నాకు అర్థమైంది. గ్రూపులో సందేశం పెట్టినవారు దాన్ని నొక్కి పట్టి వివరాలు చూస్తే, ఎవరెవరికి చేరింది, ఎవరెవరు చదివారు అని రెండు జాబితాలు వస్తాయి. మ్యూట్ చేసినవారు గ్రూపు తెరవరు కాబట్టి చదివినవారిలో వారి పేరు ఉండదు. అది చూసి అడిగేవారుంటారు. వాళ్లకు తెలిసింది చదవలేదన్నది మాత్రమే. నీలి టిక్కులు ఆపేసుకున్నా గ్రూపుల్లో ఈ జాబితా ఆగదు, అదీ గుర్తుంచుకోవాలి.

గ్రూపు పేరు మీద నొక్కితే మ్యూట్ దొరుకుతుంది. 8 గంటలు, ఒక వారం, ఎల్లప్పుడూ అని మూడు గడువులు. శబ్దం ఆగుతుంది కానీ ఫొటోలు దిగడం ఆగదు, ఫోను నిండిపోవడానికి కారణం ఇదే. Settings లోని Storage and data లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్కులు తీసేయండి. గ్రూపు కంటికే కనబడకూడదంటే ఆర్కైవ్ చేయండి, కొత్త సందేశం వచ్చినా పైకి రాదు. మన పేరును ప్రస్తావిస్తే మాత్రం సూచన రావచ్చు.

చిన్నాన్న ఉన్న మరో గ్రూపుకు మాత్రం మ్యూట్ సరిపోలేదు. కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరలు పొద్దున్నే తెలిపే గ్రూపు అది, ఆయనకు ఆ ఒక్క సందేశం కావాలి. మ్యూట్ చేస్తే అది కూడా శుభోదయం బొమ్మల అడుగున పడిపోతోంది. ఇలాంటి గ్రూపుకు మందు అడ్మిన్ దగ్గర ఉంది. గ్రూపు వివరాల్లో Group permissions తెరిచి, సభ్యులు సందేశాలు పంపే అనుమతి తీసేస్తే అడ్మిన్లు మాత్రమే రాయగలరు. అక్కడే సభ్యులు ఇతరులను చేర్చే అనుమతి కూడా తీసేయవచ్చు, కొత్తవారిని అడ్మిన్ ఒప్పుకున్నాకే రానివ్వవచ్చు. ఎవరైనా పెట్టిన పనికిరాని సందేశాన్ని అడ్మిన్ అందరి ఫోన్లలోంచి తొలగించగలరు. చిన్నాన్న ఆ అడ్మిన్‌కు ఫోను చేసి అడిగారు. రైతుల ప్రశ్నలకు వేరే గ్రూపు పెట్టి, ధరల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా ఆయన మార్చారు. ఇప్పుడు అందులో రోజుకు రెండు మూడు సందేశాలే వస్తాయి, మ్యూట్ తీసేశాం.

ఇక నంబరు మార్చుకోమన్న సలహా, ఇదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. వాట్సాప్‌లోనే ఉన్న Change number ద్వారా మారితే మన గ్రూపులన్నీ కొత్త నంబరుకు వెంట వస్తాయి, పైగా నంబరు మారినట్టు ప్రతి గ్రూపుకూ తెలుస్తుంది. అలా కాక కొత్త నంబరుతో మొదటి నుంచి మొదలుపెడితే, బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నిటికీ ఇచ్చిన పాత నంబరును ఒక్కొక్క చోట మార్చుకుంటూ తిరగాలి. అంతా అయ్యాక కొత్త ఖాతాలో Groups మళ్లీ Everyone మీదే ఉంటుంది.