కిడ్నీలో గడ్డంటే క్యాన్సరేనా? ఆ ఫార్వర్డ్‌కి జవాబు

“కిడ్నీలో గడ్డ కనపడిందంటే క్యాన్సరే. సూదితో ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుంది, బయాప్సీకి ఒప్పుకోవద్దు. వారంలోగా కిడ్నీ మొత్తం తీయించేయండి. ఒక్క కిడ్నీతో హాయిగా బతకొచ్చు. పదిమందికీ పంపండి.”

విశాఖలో స్కాన్లు చదవడం నా పని. ఈ మెసేజ్ ఫోన్‌లో చూపించి “నిజమేనా డాక్టర్ గారూ” అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. అందుకే ఒక్కో మాటా చూద్దాం.

మొదటి మాట తప్పని చెప్పడానికి ఒక కేసు చాలు. గాజువాక నుంచి 58 ఏళ్ల పెద్దాయన వచ్చారు. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయేమోనని అల్ట్రాసౌండ్ తీయిస్తే, కుడి కిడ్నీలో 2.4 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. లోపల మామూలు నీటి బుడగలా నల్లగా లేదు, మసకగా ఉంది. దాంతో “సాలిడ్ మాస్ కావచ్చు, సీటీ చేయండి” అని రిపోర్టు రాశారు, అంటే నీటి బుడగ కాదు, గట్టి కణితి కావచ్చని. ఆ ఒక్క వాక్యంతో ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

సీటీలో మేం చూసేది గడ్డ ఆకారం ఒక్కటే కాదు, దాని సాంద్రత కూడా. దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తాం. నీటికి సున్నా, కొవ్వుకి మైనస్ అంకెలు. ముందు మందు ఎక్కించకుండా ఒకసారి, తర్వాత నరంలోకి కాంట్రాస్ట్ అనే ఆ మందు ఎక్కించి మళ్లీ స్కాన్ తీస్తాం. గడ్డలో అదే చోట రెండుసార్లూ కొలుస్తాం. రక్తనాళాలున్న కణితి అయితే కాంట్రాస్ట్ లోపలికి వెళ్లి అంకె పెరుగుతుంది. 20 యూనిట్లకు మించి పెరిగితే రక్తం అందుతున్నట్టే. 10 లోపు పెరిగితే అందడం లేదనుకుంటాం. మధ్యలో ఉంటే ఎమ్మారైతోనో, కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌తోనో తేల్చాలి.

పెద్దాయన గడ్డ మందుకి ముందు 46, తర్వాత 49. అంటే కణితి కాదు. చిక్కటి ద్రవం, బహుశా పాత రక్తం నిండిన బుడగ. గోడ పల్చగా, లోపలంతా ఒకేలా ఉంది. కిడ్నీ బుడగల్లో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బోస్నియాక్ వర్గీకరణలో రెండో తరగతి, అంటే హానిలేనిదే. దానికి ఆపరేషనూ అక్కర్లేదు, మళ్లీ మళ్లీ స్కానూ అక్కర్లేదు. మందు ఎక్కించకుండా ఒక్క సీటీతో సరిపెట్టుకుని ఉంటే ఈ సంగతి తేలేది కాదు.

అదే గడ్డ 46 నుంచి 95కి పెరిగి ఉంటే? అప్పుడు క్యాన్సర్ అనుమానం గట్టిదే, నేనేమీ తేలిక చేయను. అయినా 4 సెంటీమీటర్ల లోపు ఇలాంటి సాలిడ్ గడ్డల్లో సుమారు అయిదింట ఒకటి క్యాన్సర్ కాదు. లోపల మైనస్ అంకెలతో కొవ్వు కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఆంజియోమయోలిపోమా అనే హానిలేని గడ్డే. అది పెద్దదైతే రక్తస్రావం భయం ఉంటుంది, అది వేరే విషయం. ఆంకోసైటోమా అనేదీ హానిలేనిదే, కానీ సీటీలో క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. మా స్కాన్ హద్దు అక్కడే.

ఆ హద్దు దగ్గరే బయాప్సీ పనికొస్తుంది. ఇప్పుడు సన్నటి గొట్టం లాంటి సూదిని ముందు లోపలికి దించి, అందులోంచే రెండో సూదితో ముక్కలు తీస్తారు. సూది దారిలో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. బయాప్సీకి అసలు లోపం ఇంకోటి: కొన్నిసార్లు ముక్క చాలక ఏమీ తేలదు. ఏమీ తేలలేదంటే క్యాన్సర్ లేదని కాదు. ఎలాగూ ఆపరేషన్ ఖాయమైతే దీన్ని వదిలేసేవాళ్లూ ఉన్నారు. రిపోర్టు చూసి నిర్ణయం మారేటట్టయితేనే చేయాలి.

ఇక వారం గడువు. చిన్న కిడ్నీ కణితులు సగటున ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతాయి. రెండో అభిప్రాయానికి తీరిగ్గా టైమ్ ఉంటుంది. మూత్రంలో రక్తం పడుతున్నా, గడ్డ పెద్దదై సిరలోకి చొచ్చుకుపోయినా లెక్క వేరు, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఒక్క కిడ్నీతో బతకొచ్చు, నిజమే. కానీ అరవై దాటి, షుగరూ బీపీ ఉన్న మనిషికి ఆ మిగిలిన కిడ్నీ ఎంత గట్టిదో ముందే చూడాలి. అందుకే చిన్న గడ్డకి, వీలైతే గడ్డ వరకే కోసి మిగతా కిడ్నీని కాపాడే పార్షియల్ నెఫ్రెక్టమీకే మొదటి ప్రాధాన్యం. 3 సెంటీమీటర్ల లోపు గడ్డని సూదితో కాల్చే, లేదా మంచులా గడ్డకట్టించి చంపే పద్ధతులున్నాయి. వాటి తర్వాత మళ్లీ తలెత్తే అవకాశం కాస్త ఎక్కువ. గుండె జబ్బుతో ఉన్న 80 ఏళ్ల మామ్మకి మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండటమే మంచి వైద్యం కావచ్చు. ఏడాదిలో 5 మిల్లీమీటర్లకు మించి పెరిగినా, 3 సెంటీమీటర్లు దాటినా మళ్లీ ఆలోచిస్తారు. ఆరోగ్యంగా ఉన్న 45 ఏళ్ల వ్యక్తికి మాత్రం కనిపెట్టి ఉండటం కంటే ఆపరేషనే సబబు.

కేజీహెచ్‌కి వెళ్లినా, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, వేరే ఎక్కడికెళ్లినా ఫిల్ములతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఫిల్ము మీద ఆ అంకెలు మళ్లీ కొలవలేం, సీడీలో కొలవగలం. పాత స్కాన్లేమైనా ఇంట్లో ఉంటే అవీ తీసుకెళ్లండి. అయిదేళ్ల కిందటి సీటీలో అదే గడ్డ అదే సైజులో ఉందంటే ఆ ఒక్క పోలికే చాలా టెన్షన్ తగ్గిస్తుంది.