వేడి సూప్‌లో పనిచేసేది వేడా, చికెనా?

"జలుబుకి చికెన్ సూప్ నిజంగా పనిచేస్తుందా, లేక వేడినీళ్లు తాగినా అంతేనా?" అని ఒకరు అడిగారు.

వేడి వల్ల వచ్చే ఉపశమనం నిజమే. 1978లో మయామీ బీచ్‌లో వైద్యులు 15 మంది ఆరోగ్యవంతులకు చల్లని నీళ్లు, వేడినీళ్లు, వేడి చికెన్ సూప్ ఇచ్చి, ముక్కులో చీమిడి కదిలే వేగం కొలిచారు. వేడినీళ్లతో అది నిమిషానికి 6.2 నుంచి 8.4 మిల్లీమీటర్లకు, సూప్‌తో 6.9 నుంచి 9.2కు పెరిగింది. చల్లని నీళ్లతో తగ్గింది. అయితే వేడివి తాగాక పెరిగిన వేగం అరగంటకల్లా మళ్లీ మామూలే. పైగా వాళ్లెవరికీ జలుబు లేదు, ఇది మరిచిపోకూడదు.

జలుబు ఉన్నవాళ్ల మీద 2008లో కార్డిఫ్‌లో పరీక్షించారు. 30 మందికి ఒకే పండ్ల పానీయాన్ని, కొందరికి వేడిగా, కొందరికి మామూలుగా ఇచ్చారు. గొంతునొప్పి, చలి, నీరసం తగ్గాయని చెప్పింది వేడిగా తాగినవాళ్లే. కానీ ముక్కులో గాలి ఆడడాన్ని పరికరంతో కొలిస్తే తేడా కనబడలేదు. అంటే ముక్కు తెరుచుకోలేదు, బాధ తగ్గిందంతే. అందులో చికెన్ లేదని గమనించండి!

చికెన్ సూప్ తెల్లరక్తకణాల కదలికను తగ్గిస్తుందని 2000లో వచ్చిన ఫలితం ల్యాబ్‌లో కణాల మీద చూసింది, మనుషుల్లో కాదు. కాబట్టి మాంసం తినకపోతే టెన్షన్ వద్దు, ఏ వేడి చారైనా తాగండి.