ముగ్గు లేని గుమ్మం

ధనుర్మాసం నెల్లాళ్లూ పర్లాకిమిడిలో మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ ముగ్గే. మొన్న సంక్రాంతికి మేం శ్రీకాకుళం వెళ్లిన నాలుగు రోజులూ మా గుమ్మం ఒక్కటే బోడిగా ఉంది. ఆ బోడి గుమ్మాన్ని ఒక ఆర్థికవేత్త చదివాడు. ఆయన వృత్తి దొంగతనం.

ఆర్థికవేత్త అన్నది వెటకారం కాదు. గ్యారీ బెకర్ అనే పెద్దాయన 1968లోనే నేరాన్ని లెక్కల పుస్తకంలోకి ఎక్కించాడు: ఎంత దొరుకుతుంది, ఎంత శ్రమ, పట్టుబడే అవకాశం ఎంత, పట్టుబడితే ఎంత పోతుంది. 1992లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. అదే లెక్క రోజూ కట్టే మా దొంగగారికి ఇంతవరకూ శాలువా కూడా కప్పలేదు.

ఆయన కట్టిన లెక్క చూడండి. మా ఇంటికి పద్దెనిమిది వందల రూపాయల తాళం. పక్కింటి పిన్నిగారి తలుపుకి పాత గడియ, పుల్ల పెట్టి కదిపితే ఊడొస్తుంది. శ్రమ ఒక్కటే చూస్తే పిన్నిగారి ఇల్లే నయం. కానీ ఆవిడ రాత్రంతా దగ్గుతారు. దగ్గు వినిపిస్తే మనిషి ఉన్నట్టు, మనిషి ఉంటే కేక ఉన్నట్టు. ఆయన మా తాళం మీద కాసేపు శ్రమపడి, రెండు వెండి గ్లాసులూ నాలుగు వేల నగదూ తీసుకెళ్లారు. టీవీ ముట్టుకోలేదు. జేబులో పట్టేది, తేలిగ్గా అమ్ముడుపోయేది తప్ప మిగతాది ఆయన దృష్టిలో సరుకే కాదు.

అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్లో రైట్, డెకర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇంకా ఆ పనిలోనే ఉన్న వంద మందికి పైగా దొంగల్ని కూర్చోబెట్టి అడిగారు. ఎక్కువమందికి ఉన్న భయం ఒక్కటే, లోపల మనుషులుంటారేమోనని. మరి మనం డబ్బు పోసేది దేనిమీద? తాళం మీద. అదీ బయటికి వేలాడే తాళం. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని ఇత్తడితో చేయించి తలుపుకి తగిలించినట్టు. పాల ప్యాకెట్టు, పట్టపగలు వెలుగుతున్న వరండా బల్బు ఆ బోర్డు కింద సంతకాలు.

నెల తిరక్కముందే, మేం రథసప్తమికి అరసవల్లి వెళ్లిన రాత్రి ఆయన మళ్లీ వచ్చారు. ఇందులో వింతేమీ లేదట. ఒకసారి దోచిన ఇంటికి మరోసారి దోపిడీ జరిగే అవకాశం మామూలు ఇళ్లకన్నా ఎక్కువనీ, అది మొదటి వారాల్లోనే మరీ ఎక్కువనీ పరిశోధకులు తేల్చారు. ఆలోచిస్తే న్యాయమే. బీరువా ఎక్కడుందో తెలుసు, వెనక గోడ ఎక్కడ దిగాలో తెలుసు, పోయినవాటి చోట కొత్తవి కొని ఉంటామనీ తెలుసు. మేం అక్షరాలా కొన్నాం. ఈసారి వెండి గ్లాసులు నాలుగు.

ఇంగ్లండులో రాచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే పేటలో 1980లలో ఈ సంగతి పట్టుకునే పని మొదలుపెట్టారు. కొత్త దొంగతనాన్ని ఊహిస్తూ కూర్చోకుండా, దొంగ పడిన ఇంటి చుట్టుపక్కల ఇళ్లవాళ్లని ఆ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమన్నారు. నాణేలు వేసుకునే గ్యాస్, కరెంటు మీటర్లు ఇళ్లలోంచి తీయించారు, చిల్లర డబ్బు అందులోనే పోగుపడేది కనక. దొంగతనాలు బాగా తగ్గాయి.

మా వీధి పద్ధతి వేరు. మా ఊరు ఒడిశాలో, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రాలో. ‘పాతపట్నం వైపునుంచి వచ్చుంటాడు, రాష్ట్రం దాటితే ఎవరు పట్టుకుంటారు’ అని తీర్మానించి నిద్రపోతాం. పాతపట్నంలో ఏ ఇంట్లో దొంగ పడినా వాళ్లూ మావైపే చూస్తారు. దొంగల్లో ఎక్కువమంది తమకి తెలిసిన దగ్గరి వీధుల్లోనే పని చేసుకుంటారని పరిశోధన చెబుతోంది. దూరం కూడా శ్రమే కదా. కానీ సరిహద్దు ఉండగా పక్కవీధి వాణ్ణి అనుమానించడం మర్యాద కాదు.

అయితే ఆయన్ని మరీ గణిత పండితుణ్ణి చేయను. మరికొందరు పరిశోధకులు దొంగల్ని వాళ్లు దోచిన ఇళ్ల దగ్గరికే తీసుకెళ్లి అడిగితే, తరవాత చెప్పే పథకం వేరు, ఆ వేళ చేసింది వేరు అని తేలింది. చాలాసార్లు తాగి ఉంటారు, డబ్బు అవసరం తరుముతూ ఉంటుంది, కనబడిన రెండు మూడు గుర్తుల్తో నిమిషాల్లో తేల్చేస్తారు. అంటే ఆయనది అరకొర లెక్కే. అయినా, షాపువాడు ‘జర్మన్ తాళం సార్’ అనగానే పర్సు తీసిన నా లెక్కకన్నా నయం.

ఇప్పుడు తలుపులో ఇమిడిపోయే తాళం పెట్టించాను, బయటికి కనబడదు. ఉగాదికి విశాఖ వెళ్లాలి. ఆ మూడు రోజులూ మా గుమ్మంలో కూడా ముగ్గేసి పెట్టమని పిన్నిగారిని అడగడానికి వెళ్లాను. ఆవిడ సంచీ సర్దుకుంటున్నారు.

“నేనూ అమ్మాయింటికి గుణుపురం ఎల్తన్నాను బాబూ. మా గుమ్మంలో ముగ్గు నీ పెళ్లాన్ని ఏయమని చెప్పడానికే వద్దామనుకుంటన్నాను.”