ఆపరేషన్ ఖర్చుకు అడ్వాన్సా, వడ్డీ అప్పా?

ప్రశ్న: "నెలకు 18,000 రూపాయలు చేతికొస్తాయి. నాన్నగారి ఆపరేషన్‌కు వెంటనే 30,000 కావాలి. కంపెనీలో అడ్వాన్సు అడగాలా, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలా?"

అకౌంటెంట్: అడ్వాన్సే అడగాలి. నెలకు 5,000 చొప్పున కోస్తే ఆరు నెలల్లో బాకీ తీరిపోతుంది, వడ్డీ ఉండదు. అదే సొమ్ము బయట తెస్తే నెలకు 900 వడ్డీ అవుతుంది. అసలును విడతలుగా తీసుకోని వ్యాపారి దగ్గరైతే, మీరు అదే 5,000 నుంచి వడ్డీ కట్టి మిగిలిన 4,100 దాచుకున్నా, ఆరు నెలలకు 24,600 మాత్రమే కూడుతుంది. ఇంకా 5,400 తక్కువే.

మెకానిక్: మేడం, లెక్క సరే. కానీ కోత పోగా చేతికొచ్చే 13,000 లో అద్దె, మందులు, బియ్యం అన్నీ గడవాలి కదా. వడ్డీ వ్యాపారి వడ్డీ అందితే చాలంటాడు, అసలు కోసం తొందరపెట్టడు.

అకౌంటెంట్: అసలు అడగకపోవడమే ఆయనకు లాభం. నెలనెలా 900 పోతూనే ఉంటుంది, 30,000 మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. కోత బరువైతే పది నెలలకు, అంటే నెలకు 3,000 చొప్పున అడగవచ్చు. కోతలన్నీ కలిపి వేతనంలో సగం మించరాదని చట్టం చెబుతోంది. ఎన్ని విడతలో, ఏ నెల నుంచో రాసి ఇమ్మనాలి. లేకుంటే వచ్చే నెల జీతంలోనే ఎక్కువ మొత్తం కోసే ప్రమాదముంది.

మెకానిక్: నా సంగతి వినండి. వేరే చోట మంచి పని దొరికినప్పుడు, బాకీ తీరేదాకా కదలవద్దని పాత యజమాని నా సర్టిఫికెట్లు ఆపేశాడు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు కూడా ముందుగా తీసుకున్న అడ్వాన్సుకే కట్టుబడి పనిచేస్తాయి. వడ్డీ వ్యాపారికి అప్పుపడితే కనీసం ఉద్యోగం నా చేతిలో ఉంటుంది.

అకౌంటెంట్: ఆ భయం నిజమే, నేను కాదనను. బాకీని తుది లెక్కలో మినహాయించుకోవచ్చు గానీ, అప్పు చూపి మనిషిని పనికి కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

మెకానిక్: మా షెడ్డులో జీతం చేతికే ఇస్తారు, సంతకం కూడా తీసుకోరు. అక్కడ విడతల కాగితం ఎవరు రాసిస్తారు?

అకౌంటెంట్: అలాంటి చోట అడ్వాన్సే మేలని నేనూ గట్టిగా చెప్పలేను. ఇంట్లో నగ ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టండి. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, బ్యాంకు వడ్డీ అంతకంటే చాలా తక్కువ.

మెకానిక్: నగ లేనివాడి మాటేమిటి?

అకౌంటెంట్: యజమాని దగ్గర ఒక నెలలో తీరేంత, అంటే 8,000 వరకు తీసుకుని, మిగతాది మాత్రమే బయట తేవచ్చు. వడ్డీ 900 నుంచి 660 కు దిగుతుంది.

మెకానిక్: అప్పుడు ఇద్దరికీ బాకీ పడతాను మేడం. అది నాకు మేలుగా తోచడం లేదు.