షెడ్యూల్ చేసింది అప్పన్న స్వామా?

"షెడ్యూల్‌లో ఉన్న పోస్టు దానంతటదే వెళ్లిపోతుందండీ, మన చేతుల్లో ఏముంది?" ఇందాకే కొట్లకి సోషల్ మీడియా పేజీలు నడిపే ఓ పెద్దమనిషి సెలవిచ్చాడు. షెడ్యూల్‌లో పెట్టిందెవరు మరి, అప్పన్న స్వామా?

విశాఖలో ఉండి ఈ మాట అనడానికి నోరెలా వస్తుంది? 2025 ఏప్రిల్ 30, సింహాచలం చందనోత్సవం. ఇంకా తెల్లారలేదు, గాలివాన, 300 రూపాయల టికెట్ క్యూ పక్కన గోడ కూలి 7 మంది పోయారు. ఆ రోజే అక్షయ తృతీయ. రెండూ వైశాఖ శుద్ధ తదియకే వస్తాయి కదా, ఏటా ఇంతే. ఊరు కొండెక్కే రోజే బంగారం కొట్ల ప్రచారానికీ పండగ. వారం ముందే రీల్స్ పెట్టేసి పడుకుంటారు. తెల్లారితే "జనం విరగబడుతున్నారు, మీరూ రండి" అని రీల్ నవ్వుతూ లేస్తుంది. ఆ రోజు ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించండి!

ఆపడం పది నిమిషాల పని. మెటా బిజినెస్ సూట్‌లో Planner తెరిచి, ఆ రోజువీ మర్నాటివీ డ్రాఫ్ట్‌లోకి మార్చండి. డిలీట్ కొట్టొద్దు, తర్వాత మళ్లీ రాసుకోలేక ఏడుస్తారు. ఇన్‌స్టా ఫోన్ యాప్‌లోంచి పెట్టినవి అక్కడ కనిపించకపోవచ్చు, ఫోన్‌లో విడిగా చూడాలి. యూట్యూబ్ స్టూడియోలో Scheduled అని ఉన్నదాన్ని Private చెయ్యాలి. అందరూ మర్చిపోయేది డబ్బులు కట్టిన యాడ్. పోస్టులన్నీ ఆపినా అది పరిగెడుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని స్విచ్ Ads Manager‌లో ఉంది. పాస్‌వర్డ్ ఒక్కడి దగ్గరే ఉండి, వాడు ఎనిమిదింటిదాకా నిద్రలేవకపోతే ఇవేవీ జరగవు. చందనోత్సవం రాత్రి ఇద్దరి దగ్గర లాగిన్ ఉండాలి, ఒకరు మేలుకుని ఉండాలి.

ఇక సంతాపం రాసే తెలివి. గోడ కూలితే "తొక్కిసలాట" అని రాస్తారు. ఆ ఒక్క మాటతో తప్పు గోడ కట్టినవాళ్ల మీంచి క్యూలో నిలబడ్డవాళ్ల మీదకి పోతుంది, తెలుసా? కారణం తెలియకపోతే "ప్రమాదం" అని ఆపండి. మృతుల సంఖ్య అధికారులు చెప్పాకే, ఎన్ని గంటలకి చెప్పారో రాసి పెట్టండి. గంటకోసారి మారే అంకెని బ్యానర్ మీద అచ్చేస్తే సాయంత్రానికి అబద్ధమవుతుంది.

అసలు నాకు మండేది థంబ్‌నెయిల్ బ్యాచ్‌ని చూస్తే. ఎర్ర బాణం, నోరు తెరిచిన ముఖం, "స్వామి ఆగ్రహించాడా?" అని ప్రశ్న. వానకి తడిసిన గోడ గురించి పావు నిమిషం, ఆగ్రహం గురించి పావుగంట. వీళ్లకంటే బంగారం కొట్టే నయం, కనీసం ఆఫర్ నిజం.

నయమేముందిలెండి, మధ్యాహ్నానికి ఆ కొట్టూ కొవ్వొత్తి బొమ్మ వేస్తుంది. పైన లోగో, మధ్యలో "ఓం శాంతి", అడుగున షోరూం ఫోన్ నంబరు. దేనికి ఫోన్ చెయ్యాలి బాబూ?